తలకు దెబ్బ, సీటీ స్కాన్: రక్తం ఎప్పుడూ తెల్లగానే కనిపిస్తుందా?

నల్లగొండలో సీటీ స్కాన్లు చూసి రిపోర్టులు రాయడం నా పని. హైవే పక్క ఊరు కాబట్టి బైకు ప్రమాదాల కేసులే ఎక్కువ. వాటిలో తాజా రక్తం తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ వార్డుబాయ్ కూడా చూపించగలడు. నన్ను ఇబ్బంది పెట్టేవి వేరే కేసులు.

అపోహ: ఫిల్ములో తెల్లగా ఏమీ లేకపోతే రక్తస్రావం లేనట్టే.

దేవరకొండ వైపు నుంచి డెబ్బై ఏళ్ల రైతును తీసుకొచ్చారు. "నిన్నటి సంది కుడి చెయ్యి పట్టు తప్పింది సార్, పక్షవాతం అంటున్నరు" అన్నాడు కొడుకు. ఎప్పుడైనా పడ్డాడా అని అడిగాను. "బాయికాడ జారిండు. ఇరవై రోజులైంది. బొప్పి కట్టింది, అంతే. తెల్లారి మళ్ల పొలానికి పోయిండు." గుండె కోసం రక్తం పలచబడే గోలీ కూడా వాడుతున్నాడట.

ఆ ఇరవై రోజులు అన్న మాటే కీలకం. స్కానర్ దృష్టిలో ప్రతి పదార్థానికీ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, మెదడుకు సుమారు 25 నుంచి 40, తాజాగా గడ్డకట్టిన రక్తానికి 60 నుంచి 80. అంకె పెరిగేకొద్దీ తెలుపు. రక్తంలోని ఇనుము వల్ల తెలుపు వస్తుందనుకుంటారు గానీ, అసలు కారణం గడ్డలో చిక్కగా ఉన్న హిమోగ్లోబిన్ ప్రోటీను. రోజులు గడిచేకొద్దీ అది విరిగిపోతుంది, తెలుపు తగ్గుతుంది. సుమారు ఒకటి నుంచి మూడు వారాల మధ్య రక్తం అచ్చం మెదడు రంగులోనే ఉంటుంది. ఆ తర్వాత మెదడుకంటే నల్లబడుతుంది. మన పెద్దాయన సరిగ్గా ఆ మోసపు గడువులో వచ్చాడు.

అలాంటప్పుడు రంగును నమ్ముకోకుండా మెదడు ముడతలను చూస్తాను. ముడతల మధ్య నీరుంటుంది కాబట్టి అవి సన్నని నల్ల గీతల్లా పుర్రె అంచుదాకా వెళ్లాలి. ఈయనకు కుడివైపు వెళ్లాయి. ఎడమవైపు మాత్రం పుర్రెకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలోనే ఆగిపోయాయి. మధ్యలో ఉన్నది నెలవంక ఆకారంలో బూడిదరంగు పట్టీ, అందులో ఒక్క ముడతా లేదు. తర్వాత ముందు ఎముక నుంచి వెనక ఎముకకు నిట్టనిలువుగా గీత గీసి కొలిస్తే, మెదడు మధ్య గోడ 8 మిల్లీమీటర్లు కుడికి జరిగి ఉంది. స్క్రీన్ మీద విండోను, అంటే నలుపు నుంచి తెలుపు దాకా చూపించే అంకెల పరిధిని, మామూలు 80 నుంచి 200కు వెడల్పు చేశాక పట్టీ అంచు స్పష్టంగా విడిపోయింది. సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే పుర్రె లోపలి పొర కింద, మెదడు మీద చేరిన రక్తం. వయసుతో మెదడు కుంచించుకుపోతే పైనుండే సన్నని సిరలు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే చిరిగి నెమ్మదిగా కారతాయి.

కొడుకు ఫిల్ము పట్టుకుని అడిగాడు: "ఎడమ అంటున్నరు, ఇది కుడి దిక్కున్నది గద సార్?" మంచి ప్రశ్న. రోగి కాళ్ల దగ్గర నిలబడి తల వైపు చూస్తున్నట్టు స్కాన్ చూపిస్తాం, అందుకే ఆయన ఎడమ మనకు కుడివైపు వస్తుంది. ఎడమ మెదడు నొక్కుకుపోతే పట్టు తప్పేది కుడి చెయ్యే.

హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ పుర్రెకు రెండు రంధ్రాలు చేస్తే వాడేసిన ఇంజనాయిల్ లాంటి ద్రవం వచ్చిందట. పక్షవాతమే అనుకుని రక్తం పలచబడే మందు ఇంకొంచెం పెంచి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

దీనికంటే కష్టమైనది రెండువైపులా సమానంగా పట్టినప్పుడు. అప్పుడు మధ్య గోడ ఎటూ జరగదు, పోల్చుకోవడానికి బాగున్న పక్క ఉండదు. డెబ్బై ఐదేళ్ల మనిషి మెదడు ఇరవై ఏళ్ల కుర్రాడిదిలా నిండుగా, ముడతల్లేకుండా కనిపిస్తే నేను మెచ్చుకోను, అనుమానిస్తాను.

అపోహ: తెల్ల చుక్క కనిపిస్తే అది రక్తమే.

పెద్దవాళ్లలో చాలామందికి మెదడు నడిమధ్య, మెదడులోని నీటి గదుల లోపల సున్నం పేరుకుని తెల్ల చుక్కలుంటాయి. మౌస్ పెట్టి కొలిస్తే అంకె తరచుగా 100 దాటుతుంది, తాజా రక్తం సాధారణంగా అంతదాకా పోదు. ఫోన్లో ఫిల్ము ఫొటో తీసి బంధువులకు పంపి, రాత్రంతా టెన్షన్ పడొద్దు.

అపోహ: మొదటి స్కాన్ నార్మల్ అంటే ఇక భయం లేదు.

ఆ స్కాన్ ఆ గంట సంగతే చెబుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తర్వాత కూడా కారొచ్చు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మనిషి మత్తుగా పడుకుంటున్నా ఆగకుండా తీసుకురండి. నెల తర్వాత నడక తూలినా, మాట తడబడినా అంతే. వచ్చేటప్పుడు పడిన తేదీ, వాడే గోలీల పేర్లు చీటీలో రాయించండి. పాత ఫిల్ము కూడా తెండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పుడు పుర్రెదాకా వెళ్లిన గీత ఇప్పుడు ఎక్కడ ఆగిందో వెంటనే కనిపిస్తుంది.