అధికారి వచ్చేసరికి షాపు మూసి ఉంది: జీఎస్టీ రిజిస్ట్రేషన్ తిరస్కరణపై అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో జీఎస్టీ పనులు చూసే మాలాంటి వాళ్ల దగ్గరికి కొత్త వ్యాపారులు వచ్చి చెప్పే మాట ఒకటుంది. "ఆఫీసరు వచ్చి చూసిపోయినాడు సార్, రిజెక్ట్ చేసేసినాడు." నిజానికి ఆయన చూసిపోవడానికీ, రిజెక్ట్ కావడానికీ మధ్య ఒక నోటీసు వస్తుంది, దానికి ఒక జవాబు వెళ్తుంది. నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం షాపు చూసిన రోజున కాదు, ఆ జవాబు దగ్గరే ఖాయమయ్యాయి.

అపోహ: ఆధార్ ఆథెంటికేషన్ అయిపోయింది, ఇక షాపు చూడటానికి ఎవరూ రారు.

రావచ్చు. ఆధార్ చేయించుకోని వాళ్లకు ఫిజికల్ వెరిఫికేషన్ ఎలాగూ ఉంటుంది. ఆధార్ అయిపోయినవాళ్ల దగ్గరికి కూడా, కంప్యూటర్ విశ్లేషణలో రిస్క్ ఉందని తేలినా, అసిస్టెంట్ కమిషనర్ స్థాయికి తగ్గని అధికారి అనుమతితో ఫైలు చూసే అధికారి అవసరమనుకున్నా వస్తారు. అలాంటప్పుడు మామూలు 7 పని దినాల గడువు పోయి, దరఖాస్తు తేదీ నుంచి 30 రోజుల గడువు నడుస్తుంది. పోర్టల్‌లో Track Application Status తెరిస్తే Site Verification Assigned అని కనబడుతుంది. అది కనబడిన రోజు నుంచి షాపు తలుపు తీసి ఉంచాలి.

అపోహ: ముందు ఫోన్ చేసి, నేనున్నప్పుడే రావాలి. నేను లేనప్పుడు చూస్తే అది చెల్లదు.

ఒకప్పుడు జీఎస్టీ నిబంధనల్లోని 25వ నిబంధనలో దరఖాస్తుదారు సమక్షంలో చూడాలన్న మాట ఉండేది. 2023 ఆగస్టు 4 నాటి సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పుడు మీరు ఊళ్లో లేకున్నా ఆయన వచ్చి చూసి రిపోర్టు పెట్టొచ్చు.

ఆ రిపోర్టు పేరు REG-30. అందులో ఏముంటుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. షాపుకు నాలుగు దిక్కులా ఏమున్నాయి, దరఖాస్తులోని అడ్రసూ ఇదీ ఒకటేనా, వెళ్లినప్పుడు అక్కడ ఎవరున్నారు, వాళ్లకు వ్యాపారితో ఏం సంబంధం, వ్యాపారం నడుస్తోందా, స్థలం సుమారుగా ఎంత, ఏ అంతస్తు, పత్రాలు చూశారా అన్నవి అడుగుతారు. అక్కడున్న మనిషితో సహా షాపు ఫోటో తీసి ఎక్కించాలి. అంటే షాపులో మీరే ఉండాలని లేదు గానీ, మీ పేరు చెప్పి పత్రాలు చూపించగలిగిన మనిషి ఒకరుండాలి. తమ్ముడైనా సరే, పనిపిల్లాడైనా సరే.

అపోహ: "ఆ రోజు పని మీద బయటికి వెళ్లాను, దయచేసి మంజూరు చేయండి" అని రాస్తే చాలు.

చాలదు. ఎందుకు చాలదో ఒక కేసులో చూద్దాం. నగరంలో డ్రిప్ సామాను అమ్మే కుర్రాడు. కాంప్లెక్స్‌లో మొదటి అంతస్తులో అద్దె గది. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటలకు పైపులు, ఫిల్టర్లు వేసే పని. దరఖాస్తు నెట్ సెంటర్‌లో పెట్టించాడు. అక్కడివాళ్లు త్వరగా అవుతుందని తమ ఫోన్ నంబరు, తమ ఈమెయిలే ఇచ్చేశారు. అద్దె అగ్రిమెంటులో మున్సిపల్ కొత్త డోర్ నంబరుంది. జత చేసిన కరెంటు బిల్లులో పాత నంబరుంది. దరఖాస్తులో పాతదే ఎక్కించారు. మ్యాప్ మీద గుర్తును జరపకుండా వదిలేశారు, అది ఎక్కడో క్లాక్ టవర్ దగ్గర ఉండిపోయింది.

అధికారి వచ్చిన రోజు కుర్రాడు తోటలో ఉన్నాడు. పాత డోర్ నంబరు ఆ భవనం మీద ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే నెట్ సెంటర్‌లో మోగింది. కింద షాపు ఆయన్ని అడిగితే, "పైన ఎవరో అబ్బాయి వస్తా పోతా ఉంటాడు, ఏం చేస్తాడో తెలీదు" అన్నాడు. బోర్డు లేదు. ఇక రిపోర్టులో ఏం రాస్తారు? చెప్పిన చోట వ్యాపారం కనిపించలేదనే రాశారు.

తర్వాత REG-03 నోటీసు వచ్చింది. జవాబు REG-04 రూపంలో 7 పని దినాల్లో పెట్టాలి. నోటీసు నెట్ సెంటర్ మెయిల్‌కు పోయింది కాబట్టి అతనికి తెలిసేసరికే గడువు చాలా వరకు కరిగిపోయింది. హడావిడిగా, తోటకు వెళ్లానని ఒక్క వాక్యం రాసి పంపించాడు. ఏ పత్రమూ జత చేయలేదు. REG-05లో తిరస్కరణ వచ్చింది.

అధికారి వైపు నుంచి ఆలోచించండి. ఆయన ఫైల్లో ఫోటోతో సహా ఒక రిపోర్టుంది. దానికి ఎదురుగా మీది ఒక వాక్యం. దాన్ని పట్టుకుని మంజూరు చేస్తే, రేపు ఆ అడ్రసు బోగస్ అని తేలినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆయనే.

జవాబంటే ఆ రిపోర్టులోని ఒక్కో గడినీ మళ్లీ నింపడమే. అతను పెట్టాల్సింది ఇది: ఆ రోజు తోటలో ఉన్నట్టు రైతుకిచ్చిన బిల్లు లేదా డెలివరీ చీటీ. పాత నంబరూ కొత్త నంబరూ ఒకే భవనానివని ఓనరు రాసిచ్చిన లేఖ, దానితో కొత్త నంబరున్న ఇంటి పన్ను రసీదు. బోర్డు, పక్క షాపులు, కింద మెట్లు కనబడేలా, గది లోపల తను నిలబడి ఉండేలా తేదీ, లొకేషన్ పడిన ఫోటోలు. నాలుగు దిక్కులా ఏ షాపులున్నాయో రెండు లైన్లు. చివర, ఏ వేళల్లో షాపులో ఉంటాడో, తన సొంత ఫోన్ నంబరేమిటో రాసి, మళ్లీ వచ్చి చూడమని కోరడం. అధికారి తప్పనిసరిగా మళ్లీ రావాలని లేదు. కానీ రమ్మని అడిగినవాడి ఫైలును మూసేయడం అంత తేలిక కాదు.

ఇంకొకటి, చాలామంది చూడనిది. జవాబు పెట్టడానికి పోర్టల్‌లో Application for Filing Clarifications తెరిచినప్పుడు, మీరు పెట్టిన దరఖాస్తులో మార్పులు చేస్తారా అని అడుగుతుంది. No నొక్కితే వివరణ, పత్రాలు మాత్రమే పోతాయి, దరఖాస్తులోని తప్పు అడ్రసు అలాగే ఉంటుంది. Yes నొక్కితే దరఖాస్తు తెరుచుకుంటుంది, డోర్ నంబరు, అంతస్తు, మ్యాప్ గుర్తు అన్నీ సరిచేయొచ్చు. అడ్రసు తేడా వల్ల నోటీసు వచ్చినప్పుడు No నొక్కి ఎంత గొప్పగా రాసినా ప్రయోజనం తక్కువ. ఒకసారి పంపాక ఇంకో నోటీసు వస్తుంది, అప్పుడు మిగతాది చెప్పుకుందాంలే అనుకోవద్దు. జవాబు అందిన 7 పని దినాల్లో ఆయన తేల్చేయాలి.

అపోహ: షాపు నిండా సరుకు, బోర్డు మీద జీఎస్టీ నంబరు లేకపోతే రిజెక్టే.

నంబరే రాకముందు బోర్డు మీద ఎక్కడి నుంచి రాస్తారు? ఆ నిబంధన రిజిస్ట్రేషన్ వచ్చాక వర్తించేది. సరుకు కూడా నిండుగా ఉండాలని లేదు, ఇంకా మొదలుపెట్టని వాళ్లూ స్వచ్ఛందంగా రిజిస్ట్రేషన్ అడగొచ్చు. అయితే పేరున్న చిన్న ఫ్లెక్సీ బోర్డు, ఒక బల్ల, అగ్రిమెంటు కాపీ ఏవీ లేని ఖాళీ గదిని చూసి ఆయన ఏమనుకుంటాడో మీరే ఊహించుకోండి.

అపోహ: రిజెక్ట్ అయితే ఏం, మళ్లీ పెడతాం. పోయేదేముంది?

ఇది మనిషిని బట్టి మారుతుంది. మన డ్రిప్ కుర్రాడి అమ్మకాలు, సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే 40 లక్షల పరిమితి దాటలేదు. కంపెనీ డీలర్‌షిప్‌కు అడిగిందని స్వచ్ఛందంగా పెట్టాడు. అలాంటివారికి పోయేది సమయమే. రిజిస్ట్రేషన్ వచ్చిన రోజుకు ముందురోజు ఉన్న స్టాకు మీద, ఏడాది దాటని బిల్లులకు, ITC-01 ఫారం పెట్టి, కొన్నప్పుడు కట్టిన పన్నును క్రెడిట్‌గా తీసుకోవచ్చు.

అదే పరిమితి దాటినవాడైతే లెక్క వేరు. ఒకరి అమ్మకాలు జూన్ 10న 40 లక్షలు దాటాయనుకుందాం. జూన్ 20న దరఖాస్తు పెట్టాడు. పరిమితి దాటిన 30 రోజుల్లోపే పెట్టాడు కాబట్టి, అది మంజూరైతే రిజిస్ట్రేషన్ జూన్ 10 నుంచే అమల్లోకి వస్తుంది. కానీ జవాబు సరిగా ఇవ్వక ఆగస్టు మొదటి వారంలో రిజెక్ట్ అయింది. ఆగస్టు 10న మళ్లీ పెడితే అది కొత్త దరఖాస్తు, 30 రోజులు ఎప్పుడో దాటాయి. సెప్టెంబరులో మంజూరైతే సెప్టెంబరు నుంచే అమలు. జూన్ 10 నుంచి అప్పటిదాకా చేసిన అమ్మకాల మీద పన్ను కట్టాల్సిన బాధ్యత మాత్రం ఎక్కడికీ పోదు, వడ్డీ అదనం. 30 రోజుల్లో దరఖాస్తు పెట్టినవారికి స్టాకు మీద ఇచ్చే క్రెడిట్, జీఎస్టీ చట్టం సెక్షన్ 18ని అక్షరాలా చదివితే, చేజారినట్టే.

అందుకే పరిమితి దాటినవాళ్లకు నేను చెప్పేది, కొత్త దరఖాస్తుతో పాటు తిరస్కరణ మీద సెక్షన్ 107 కింద అప్పీలు గురించి కూడా ఆలోచించమని. ఆర్డరు అందిన 3 నెలల్లో APL-01 ఫారంలో వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో నెల ఇవ్వొచ్చు. ఆలస్యమవుతుంది, అది నిజమే. కానీ మొదటి దరఖాస్తు తేదీని కాపాడుకునే దారి అదే. స్వచ్ఛందంగా పెట్టినవాళ్లు అప్పీలు జోలికి వెళ్లకుండా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడమే నయం.

అపోహ: ఒకసారి రిజెక్ట్ అయితే ఆ పాన్ బ్లాక్‌లిస్టులో పడుతుంది, అడ్రసు మార్చి పెట్టాలి.

తిరస్కరణ అంటే రద్దు కాదు, నిషేధమూ కాదు. అదే పాన్‌తో, అదే అడ్రసుతో కొత్త దరఖాస్తు, అంటే REG-01, పెట్టొచ్చు. తప్పు సరిదిద్దకుండా ఊరికే చిన్నాన్న ఇంటి అడ్రసు లాంటి వేరే అడ్రసు పెట్టడం మాత్రం కొత్త అనుమానాన్ని కొని తెచ్చుకోవడమే. అక్కడ వ్యాపారం లేదుగా!

పాత దరఖాస్తును అధికారి చూస్తాడనే అనుకుని రాయాలి. REG-05లో రాసిన కారణాన్ని ముందు పెట్టుకుని, దానికి సంబంధించిన పత్రాలే మొదట జత చేయాలి. మన కుర్రాడికి అలాగే చేశాం. డోర్ నంబరు ఇంటి పన్ను రసీదులో ఉన్నట్టే ఎక్కించాం. అంతస్తు, ల్యాండ్‌మార్క్ నింపాం. మ్యాప్ గుర్తును భవనం మీదికి జరిపాం. ఫోన్, మెయిల్ అతనివే. పాత తిరస్కరణకు కారణమేమిటో, ఇప్పుడేం సరిచేశామో ఒక పేజీ లేఖ పెట్టాం. పత్రాల విషయంలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న తన అధికారులకిచ్చిన సూచనలు పనికొస్తాయి. అద్దె స్థలానికి అగ్రిమెంటు, ఓనరు యాజమాన్యానికి ఏదో ఒక్క రుజువు చాలు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించకపోతే ఓనరు గుర్తింపు పత్రం కూడా కావాలి. అవి కేంద్ర అధికారులకిచ్చినవి. మీ ఫైలు రాష్ట్ర అధికారి దగ్గరుంటే ఆ కాగితం చూపి వాదించడం కన్నా, అడిగిన ఇంకో పత్రం ఇచ్చేయడమే మేలని నా అభిప్రాయం.

ఈసారి అధికారి వచ్చినప్పుడు కూడా కుర్రాడు తోటలోనే ఉన్నాడు. గదిలో అతని అక్క కూర్చుని ఉంది, బల్ల మీద అగ్రిమెంటు, పన్ను రసీదు కాపీల ఫైలుంది. ఫోన్ చేస్తే అతనే ఎత్తాడు. కింద షాపు ఆయనకు ముందే చెప్పి ఉంచాం కాబట్టి, "పైకి పోండి సార్, డ్రిప్ షాపు అక్కడే" అన్నాడట. నోటీసు లేకుండానే నంబరు వచ్చింది.