న్యూటన్ సూత్రంతో ట్రిప్పులు ఎందుకు లెక్క తప్పాయి

ఊరిని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్ నుంచి ఎన్ని ట్రిప్పులు పుడతాయో, ఏ జోన్ ఎన్నిటిని లాగుతుందో అంచనా వేశాక, ఎవరు ఎటు పోతారన్న ప్రశ్న మిగులుతుంది. దానికి గ్రావిటీ మోడల్ వాడతారు. పేరు న్యూటన్‌ది, లెక్క మాత్రం ఆయనది కాదు.

జనాభాల లబ్ధాన్ని దూరంతో భాగించి రాకపోకలను చూపే ఊహ 1946లో అమెరికా భాషావేత్త జిఫ్ రాతల్లోనే ఉంది. చిక్కల్లా గుణకారంలోనే: రెండు జోన్లూ రెట్టింపైతే వాటి మధ్య ట్రిప్పులు నాలుగింతలవుతాయి. కానీ ఇళ్ల నుంచి బయల్దేరేవాళ్లు రెట్టింపే కదా!

1955లో అమెరికాలో ఆలన్ వూర్హీస్ దీన్ని వాటాల లెక్కగా మార్చాడు. ఒక జోన్‌లో పుట్టిన ట్రిప్పులను మిగతా జోన్లు తమ ఆకర్షణ, దూరాలను బట్టి పంచుకుంటాయి. దూరం ప్రభావం పనిని బట్టి మారుతుందని కూడా ఆయన చూపాడు. ఉద్యోగానికి దూరం వెళ్తాం, కూరగాయలకు వెళ్లం.

```
T_ij = P_i × A_j × F(c_ij) / Σ_k [A_k × F(c_ik)]
```

ఇక్కడ T_ij అంటే i జోన్ నుంచి j జోన్‌కు పోయే ట్రిప్పులు, P పుట్టే ట్రిప్పులు, A ఆకర్షణ, c ప్రయాణ ఖర్చు లేదా సమయం, F ఆ ఖర్చు ఎంత వెనక్కి లాగుతుందో చెప్పే ఫంక్షన్.

రెండు జోన్లతో చూద్దాం. పుట్టేవి 600, 400. చేరాల్సినవి 500, 500. సొంత జోన్‌లో ప్రయాణం 10 నిమిషాలు, అవతలికి 20. F ను సమయం వర్గానికి విలోమంగా తీసుకుంటే బరువులు 4:1. మొదటి జోన్ 480, 120గా, రెండోది 80, 320గా పంచుతాయి. మొదటి జోన్‌కు చేరినవి 560. ఎక్కువ! అందుకే మొదటి A ని 500/560తో, రెండోదాన్ని 500/440తో గుణించి మళ్లీ పంచాలి. ఈసారి 521, తర్వాత 507. ఇలా 500 దగ్గరకు వచ్చేదాకా తిప్పుతారు.

ఈ తిప్పుడు ఏదో ఆధారం లేని సర్దుబాటులా కనిపించేది. 1967లో బ్రిటన్‌కు చెందిన ఆలన్ విల్సన్ దానికి ఆధారం చూపాడు. ఒక్కో జోన్‌లో పుట్టే, చేరే ట్రిప్పుల మొత్తాలూ, మొత్తం ప్రయాణ ఖర్చూ మాత్రమే తెలిస్తే, వాటికి సరిపడే పంపకాల్లో అత్యధిక విధాలుగా ఏర్పడగలిగేదాన్ని ఎంచుకోవాలన్నాడు. దాంట్లోంచి రెండు వైపులా సర్దుబాటుతో పాటు exp(-βc) అనే తగ్గుదల కూడా వచ్చింది. గురుత్వం అక్కర్లేకపోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది.

ఖర్చు ఎంత గట్టిగా వెనక్కి లాగుతుందో చెప్పే β ని సర్వేలో దొరికిన సగటు ప్రయాణ సమయానికి సరిపోయేలా సర్దుతారు. సగటు కుదిరినంత మాత్రాన జోన్ల జంటలు కుదరవు. వాషింగ్టన్‌లో పోటోమాక్ నది దాటే ట్రిప్పులకు అదనపు సమయం కలపాల్సి వచ్చింది. కొన్ని చోట్ల జంటకో K అనే సవరణ గుణకం పెడతారు. నా దృష్టిలో అదే ప్రమాదం: ఈనాటి సర్వేకు అతికించిన K, వంతెన కట్టిన తర్వాత కూడా 20 ఏళ్ల అంచనాలో అలాగే కూర్చుంటుంది.