చట్టమే కొట్టేశారు కదా, ఇంకా వాయిదాలేంటి?

ఈ మాట మా ఆఫీసులో నెలకొకసారైనా వింటాను. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన తన కొడుకు మీద వచ్చిన నాన్ బెయిలబుల్ వారెంట్ పట్టుకుని వచ్చారు. అబ్బాయి మీద ఆన్‌లైన్‌లో చిరాకు కలిగించే రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ, దాంతోపాటు ఐపీసీ 506 కింద బెదిరింపు కేసు. 2015లో సుప్రీంకోర్టు 66ఎని కొట్టేసిందని వాట్సాప్‌లో చూసి, కేసు అయిపోయిందనుకుని వాయిదాలకు వెళ్లడం మానేశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. వారెంట్ రీకాల్ చేయించాం, కానీ ఆ ఇంట్లో పడిన టెన్షన్ అంతా అనవసరమైనదే.

అపోహ: ఒక సెక్షన్ పోతే చట్టమంతా పోయినట్టే.

వాస్తవం: రాజ్యాంగం 13వ అధికరణం ప్రకారం, ప్రాథమిక హక్కులకు ఎంత మేరకు విరుద్ధమో అంత మేరకే చట్టం చెల్లదు. 2015 నాటి ఆ శ్రేయా సింఘాల్ తీర్పులో 66ఎ పోయింది, వెబ్‌సైట్లను బ్లాక్ చేసే 69ఎ నిలిచింది. పెండింగ్ కేసుల్లో వేరే నేరాలు కూడా ఉంటే 66ఎ ప్రస్తావన మాత్రమే తీసేయాలని 2022లో సుప్రీంకోర్టు విడిగా చెప్పింది. పెద్దాయన కొడుకు విషయంలో 506 అలాగే మిగిలింది.

మరి 66ఎలోనే తప్పున్న ముక్క కోసి, మిగతాది ఉంచొచ్చుగా? ప్రభుత్వం అదే అడిగింది. కుదరలేదు. 'చిరాకు కలిగించే' లాంటి మాటలు నేరపు రాతకీ, మామూలు విమర్శకీ ఒకేలా వర్తిస్తాయి. ఎక్కడ కోయాలో గీత లేదు.

గీత ఉన్న కేసు 1957 నాటి ఆర్.ఎం.డి.సి. వెయ్యి రూపాయలు దాటే బహుమతి పోటీలను 1955 చట్టం నిషేధించింది. ఆ నిర్వచనంలోకి జూదంతోపాటు నైపుణ్యం మీద ఆడే పోటీలు కూడా వస్తాయని పోటీల నిర్వాహకులు వాదించారు. అలా వస్తాయనుకున్నా ఆ రెండూ వేర్వేరు రకాలని కోర్టు చెప్పింది. నైపుణ్యపు పోటీలను వదిలేసినా జూదాన్ని అదుపు చేసే చట్టం తనంతట తాను నిలబడుతుంది, పార్లమెంటు ఉద్దేశమూ అదే. అందుకే జూదం వరకు చట్టాన్ని నిలిపారు. చెల్లని భాగం తీసేశాక మిగిలింది పనిచేస్తుందా, ఆ మిగిలినదాన్నే అయితే చట్టసభ చేసేదా అన్నవే కోర్టు చూసే ప్రశ్నలు.

అపోహ: రూల్ అల్ట్రా వైర్స్ అంటే యాక్ట్ కూడా రద్దే.

వాస్తవం: కాదు. యాక్ట్ ఇచ్చిన అధికారాన్ని దాటిన రూల్ మాత్రమే పోతుంది.

అపోహ: కొట్టేసిన సెక్షన్ ఒక్కటే ఉంటే కోర్టుకు వెళ్లక్కర్లేదు.

వాస్తవం: మీ కేసు మూసేస్తూ ఆర్డర్ వచ్చేదాకా వాయిదా వాయిదానే. తీర్పు చివరి పేరాలు, మీ ఛార్జిషీటు పక్కపక్కన పెట్టి, ఏ సెక్షన్లు మిగిలాయో మీ లాయర్‌ని అడగండి. టీవీలో కింద స్క్రోలింగ్ చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.