హాస్టల్ గదిలో థీసిస్ డీటీపీ పని: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర ఒక సింగిల్ రూములో ఉంటూ ఆరేళ్లుగా థీసిస్‌ల టైపింగ్, ఫార్మాటింగ్ చేస్తున్నాను. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, సంస్కృత యూనివర్సిటీ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఈ పనికి కొదవ లేదు. హాస్టళ్లలో ఉన్న పిల్లలు "అన్నా, మేమూ చేయొచ్చా" అని అడుగుతుంటారు. వాళ్లు ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: గదిలో చోటు లేదు, వైఫై నలుగురం పంచుకుంటాం, కాబట్టి కుదరదు.

నా దగ్గర ఉన్నది ఒక ల్యాప్‌టాప్, మంచం మీద పెట్టుకునే చిన్న బల్ల, రెండు పెన్‌డ్రైవ్‌లు. ప్రింటర్ కొనలేదు. ప్రింటు, బైండింగు జిరాక్స్ షాపులోనే అవుతాయి.

ఈ పనికి నెట్ చాలా తక్కువ కావాలి. ఫొటోలు లేకపోతే రెండు వందల పేజీల వర్డ్ ఫైలు వాట్సాప్‌లో వచ్చే ఒక చిన్న వీడియో అంత కూడా ఉండదు. ఫైలు తీసుకునేటప్పుడు, తిరిగి పంపేటప్పుడు నెట్ ఉంటే సరిపోతుంది. కాకపోతే నెట్ మీద ఆధారపడే టైపింగ్ సాధనాలు అలవాటు చేసుకోకండి. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంటుంది, అది నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వైఫై సెట్టింగుల్లో Metered connection ఆన్ చేసి పెట్టుకుంటే అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, మిగతా ముగ్గురి నెట్‌నూ మీ ల్యాప్‌టాప్ తినేయదు.

గదికి మనుషులను రప్పించడం మాత్రం వద్దు. హాస్టల్‌లో వార్డెన్, అద్దె గదిలో ఓనరు ఊరుకోరు. నేను లైబ్రరీ దగ్గరో జిరాక్స్ షాపు దగ్గరో కలుస్తాను. ల్యాప్‌టాప్ రూమ్మేట్స్ కూడా వాడుతుంటే మీకు వేరే లాగిన్ ఉండాలి. అందులో ఉన్నది ఇంకొకరి నాలుగైదేళ్ల పరిశోధన.

అపోహ: పాత అను ఫైలు కన్వర్టర్‌లో వేస్తే యూనికోడ్ వచ్చేస్తుంది, ఐదు నిమిషాల పని.

అను అంటే డీటీపీ షాపుల్లో వాడుతూ వచ్చిన పాత తెలుగు ఫాంట్లు. యూనికోడ్ అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు. మొదటిదాన్ని రెండోదానిలోకి మార్చేదే కన్వర్టర్. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ చేతికి వచ్చింది ఏ రకం ఫైలో చూసుకోవాలి. ఒక పేరా సెలెక్ట్ చేసి ఫాంటును Arial కి మార్చండి. తెలుగు తెలుగులాగే ఉంటే యూనికోడ్. అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అను లాంటి పాత ఫాంటు. పాత ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చుంటాయి. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు.

అసలు చిక్కు అక్కడే వస్తుంది. థీసిస్‌లో మధ్యమధ్య ఇంగ్లీషు పేర్లు, పుస్తకాల వివరాలు ఉంటాయి. మొత్తం కాపీ చేసి కన్వర్టర్‌లో వేస్తే, ఏది తెలుగు ముక్కో ఏది నిజమైన ఇంగ్లీషో దానికి తెలియదు. ఇంగ్లీషు కూడా తెలుగు చెత్తగా మారిపోతుంది. ఫుట్‌నోట్లు, బోల్డు అక్షరాలు కూడా పోతాయి. పైగా అను వెర్షన్లన్నిటికీ కోడింగ్ ఒకటి కాదు. తప్పు వెర్షన్ ఎంచుకుంటే కొన్ని అక్షరాలు మాత్రమే మారతాయి. పైపైన చదివితే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది.

ఒకసారి తెలుగు శాఖ స్కాలర్ ఒకాయన 212 పేజీల ఫైలు ఇచ్చారు. పేజీకి పది రూపాయలని ఒప్పుకున్నాను. కన్వర్షన్ అదే రోజు అయిపోయింది. తర్వాత చూస్తే గ్రంథసూచి మొత్తం పాడైంది, ఫుట్‌నోట్లు ఒక్కటీ లేవు, చాలాచోట్ల వత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి. రోజూ సాయంత్రం మూడు గంటల చొప్పున తొమ్మిది రోజులు కూర్చున్నాను. 27 గంటలకు వచ్చింది 2120 రూపాయలు, అంటే గంటకు 80 కూడా పడలేదు.

ఇప్పుడు ఒకేసారి మొత్తం కన్వర్ట్ చేయను. అధ్యాయాలవారీగా వేస్తాను. గ్రంథసూచిలోని ఇంగ్లీషు భాగాన్ని పాత ఫైలు నుంచి నేరుగా తెచ్చుకుంటాను, కన్వర్టర్ దగ్గరికి పోనివ్వను. ఫుట్‌నోట్లను వర్డ్‌లోని Insert Footnote తో మళ్లీ పెడతాను. చివర్లో పాత ప్రింటు పక్కన పెట్టుకుని వరుసవరుసా చదువుతాను. దీనికి షార్ట్‌కట్ లేదు.

ఇంకో చిన్న విషయం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ పొల్లుగా నిలబడాలంటే మధ్యలో కనిపించని ఒక అక్షరం ఉండాలి. కన్వర్షన్‌లో అది పోతే వ కూడా వెళ్లి ముందు అక్షరానికి వత్తుగా చేరిపోతుంది. వర్డ్‌లో ఆ వే చెరిపి, పొల్లు తర్వాత `200C` టైప్ చేసి Alt+X నొక్కి, వే మళ్లీ టైప్ చేస్తే సరవుతుంది.

అపోహ: స్టైల్‌లో సైజు 12 పెడితే మొత్తం 12 అవుతుంది.

వర్డ్ తెలుగును Complex scripts కింద లెక్కేస్తుంది. దాని ఫాంటు, సైజు వేరేగా ఉంటాయి. మీరు మార్చింది ఇంగ్లీషుకే తగిలి, తెలుగు అలాగే ఉండిపోతుంది. స్టైల్‌ను Modify చేసేటప్పుడు Font పెట్టెలో Complex scripts భాగంలో కూడా మార్చాలి. ఆ భాగం కనిపించకపోతే ఆఫీస్ భాషల్లో తెలుగు చేర్చుకోవాలి.

పేజీ నంబర్ల దగ్గరా ఇలాంటి తంటాయే. ముందు పేజీలకు i, ii, iii, మొదటి అధ్యాయం నుంచి 1, 2, 3 కావాలంటే మధ్యలో Section Break పెట్టి, రెండో సెక్షన్ ఫుటర్‌లో Link to Previous తీసేయాలి. తర్వాత ఒక్కో సెక్షన్‌కు Format Page Numbers లో నంబర్ల రకం ఎంచుకుని, రెండోదానికి Start at 1 పెట్టాలి. Link to Previous తీయడం మర్చిపోతే ఒక ఫుటర్‌లో మార్చింది రెండోదాంట్లోనూ మారిపోతుంది.

అపోహ: వర్డ్ ఫైలు ఇచ్చేస్తే షాపువాళ్లు ప్రింటు తీసుకుంటారు.

షాపు సిస్టమ్‌లో మీ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు పడుతుంది, లైన్లు జారతాయి. విషయసూచికలో 87 అని ఉన్న అధ్యాయం 91లో మొదలవుతుంది. అప్పటికే ఐదు కాపీలు బైండింగ్ అయిపోయి ఉంటే ఆ నష్టం ఎవరిదని గొడవ. ఎప్పుడూ పీడీఎఫ్ ఇవ్వండి. ఇచ్చేముందు సూచికలో నాలుగైదు నంబర్లు తీసుకుని ఆ పేజీలకు వెళ్లి చూడండి.

అపోహ: పేజీకి ఇంత అని చెప్పేయడమే పద్ధతి.

శుభ్రమైన చేతిరాత చూసి టైప్ చేయడానికి పేజీ లెక్క బాగానే ఉంటుంది. ఫార్మాటింగ్‌కు, కన్వర్షన్‌కు పనికిరాదు. నేను ముందు ఐదు పేజీలు శాంపిల్ తీసుకుని, గడియారం చూసుకుంటూ పూర్తిగా సరిచేస్తాను. అందులో ఒకటి గ్రంథసూచి పేజీ ఉండి తీరాలి. ఆ 212 పేజీల ఫైలునే తర్వాత ఇలా లెక్కవేసి చూశాను. ఐదు పేజీలకు 40 నిమిషాలు, అంటే మొత్తానికి సుమారు 28 గంటలు. నిజంగా పట్టిన 27 గంటలకు చాలా దగ్గర. ముందే ఈ లెక్క వేసి ఉంటే గంటకు 150 చొప్పున 4200 అడిగేవాణ్ణి. ఆయన కాదంటే ఆ తొమ్మిది సాయంత్రాలైనా మిగిలేవి.

గైడ్ గారు చెప్పే సవరణలు రెండు విడతల వరకే ఈ ధరలో చేస్తానని ముందే వాట్సాప్‌లో రాసి పంపుతాను. సగం డబ్బు అడ్వాన్స్ తీసుకుంటాను.

అపోహ: పనిలో పనిగా ఒక అధ్యాయం రాసిచ్చినా తప్పులేదు, డబ్బులు బాగా వస్తాయి.

అడిగేవాళ్లు ఉంటారు, వద్దనండి. టైపింగ్, ఫార్మాటింగ్, అచ్చుతప్పులు చూడటం వరకే మన పని. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో వేరేచోటి నుంచి తెచ్చిన రాత 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డబ్బుకు రాసిచ్చేవాళ్లు ఎక్కడినుంచి తెస్తారో ఆ స్కాలర్‌కు తెలియదు, పోయేది మాత్రం ఆయన డిగ్రీ. నన్ను అలా అడిగినవాళ్లకు ఆ పని చేయనని చెప్పి, మిగతా అధ్యాయాల ఫార్మాటింగ్ మాత్రం చేసిపెట్టాను. వాళ్లలో ఇద్దరు తర్వాత తమ జూనియర్లను నా దగ్గరికి పంపారు.