బలహీనపడిన గుండెకు నాలుగు మందులు ఎందుకు?

గుండెపోటు నుంచి కోలుకున్న 56 ఏళ్ల రైతు ఒకాయన ఆరు నెలలకు ఆయాసంతో ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. పాదాలు వాచాయి, మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు. ఎకో తీస్తే ఈఎఫ్ 28 శాతం. అంటే ఎడమ జఠరికలో నిండిన రక్తంలో నూటికి 28 వంతులే ముందుకు పోతోంది. 55 దాకా పోవాలి.

లాసిక్స్ ఇస్తే నీరు దిగి వాపు తగ్గింది. అయితే ఆయుష్షు పెంచుతాయని రుజువైన మందులు వేరే నాలుగు ఉన్నాయి.

రక్తం తక్కువగా అందుతుంటే, లోపం గుండెలో ఉందని శరీరానికి తెలియదు. ఒంట్లో నీరు ఇంకిపోయిందనుకుని అడ్రినలిన్‌తో గుండెను తరుముతుంది, యాంజియోటెన్సిన్‌తో రక్తనాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టిరాన్‌తో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. ఎండలో దాహంతో పడిపోయినవాడిని ఈ ఏర్పాటే బతికిస్తుంది. నెలల తరబడి సాగితే మాత్రం గుండె కండరం సాగి, మచ్చకట్టి, ఇంకా నీరసిస్తుంది.

బీటా బ్లాకర్ ఆ తరుముడును ఆపుతుంది. నీరసించిన గుండెను ఇంకా నెమ్మదింపజేయడమేమిటని డాక్టర్లే చాలాకాలం భయపడ్డారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1975లోనే మేలు కనిపించిందని రాసినా, అది అందరికీ నమ్మకం కలగడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అందుకే ఊపిరితిత్తుల్లో నీరు తగ్గాక, కార్వెడిలాల్ అయితే 3.125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుతారు. మొదట్లో కాస్త నీరసం ఎక్కువవచ్చు. ఆ నీరసానికి బెదిరి మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

సాకుబిట్రిల్-వల్సార్టాన్ రెండు పనులు చేస్తుంది. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుంటుంది, ఉప్పును బయటికి పంపే గుండె సొంత హార్మోన్లు త్వరగా కరిగిపోకుండా చూస్తుంది. రామిప్రిల్ అనే బీపీ మందు వాడుతున్నవారు అది మానేసి 36 గంటలు ఆగాకే దీన్ని వేసుకోవాలి. లేకపోతే నాలుక, గొంతు వాచే ప్రమాదం ఉంది.

డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందు. షుగర్ లేనివారి గుండెకూ మేలు చేస్తుందని 2019లో తేలింది. మూత్రంలో చక్కెరను, ఉప్పును పంపేస్తుంది, కిడ్నీనీ కాపాడుతుంది. వాంతులై తిండి తినలేని రోజుల్లో మాత్రం దీన్ని ఆపాలి.

నాలుగోది స్పైరనోలాక్టోన్, ఆల్డోస్టిరాన్‌కు అడ్డు. 1999 నాటి పరీక్షలో, తీవ్రమైన జబ్బున్నవారిలో మరణాలను 30 శాతం తగ్గించింది. మన రైతుకు చిక్కు వచ్చింది ఇక్కడే. ఈ మందు ఒంట్లో పొటాషియం పెంచుతుంది. రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో అది ఉండాల్సినదాని కంటే ఎక్కువగా, 5.7 వచ్చింది. ఆరా తీస్తే, ఒంటికి చలవని రోజూ రెండు కొబ్బరి బోండాలు తాగుతున్నాడు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. బీపీకి మంచిదని ఇంట్లో 'లో సోడియం' ఉప్పు వాడుతున్నారు. ఆ ఉప్పులో సోడియం బదులు చాలావరకు ఉండేది పొటాషియమే. రెండూ మాన్పించి, మాత్ర సగానికి తగ్గించి, వారానికి మళ్లీ చూస్తే 4.8.

ఆరు నెలలకు ఈఎఫ్ 45కు చేరింది. "బాగైపోయిందిగా సార్, ఇక మందులు ఆపేద్దామా?" అన్నాడు. ఇలాగే గుండె కోలుకున్నవారికి మందులు మెల్లగా మాన్పించి చూసిన పరీక్ష ఒకటి లండన్‌లో జరిగింది. ఆరు నెలల్లోనే నూటికి 40 మందికి పైగా జబ్బు తిరగబెట్టింది.