డెలివరీ రైడర్ల టర్మ్స్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేసే తమ్ముళ్లకి యాప్ టర్మ్స్ చదివి తెలుగులో ఒక పేజీలో రాసిస్తుంటాను. ముప్పై నలభై పేజీల ఇంగ్లీష్ ఫోన్‌లో కిందకి జరిపి 'యాక్సెప్ట్' నొక్కేస్తారు, అందులో ఏముందో ఐడీ బ్లాక్ అయిన రోజునే అడుగుతారు. నాకు ఎక్కువగా వినబడే మాటలు ఇవి.

అపోహ: టీషర్ట్, బ్యాగ్, ఐడీ కార్డ్ ఇచ్చారు కాబట్టి నేను కంపెనీ ఉద్యోగినే.

టర్మ్స్‌లో మీ పేరు పక్కన ఉండేది 'ఇండిపెండెంట్ కాంట్రాక్టర్' అనే మాట. అంటే పీఎఫ్, ఈఎస్ఐ, జీతంతో సెలవు అందులో ఉండవు, పెట్రోలూ బండి రిపేరూ మీవే. అలాగని మీకు ఏ హక్కూ లేదని కాదు. 2020 సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ చట్టం గిగ్ వర్కర్‌ని విడిగా గుర్తిస్తుంది, అగ్రిగేటర్లు, అంటే ఇలాంటి యాప్ కంపెనీలు, సామాజిక భద్రత నిధికి డబ్బు కట్టాలంటుంది. అందుకని కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా నమోదు చేసుకోండి.

అపోహ: కంపెనీ వారం వారం వేలకి వేలు కోసేస్తోంది.

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. ఒక తమ్ముడు పేఅవుట్ స్క్రీన్‌షాట్ పంపాడు, సంపాదన 6,800, అకౌంట్లో పడింది 5,132, అన్నా 1,668 తినేశారు అన్నాడు. లైన్ లైన్ చూస్తే అందులో 1,450 క్యాష్ ఇన్ హ్యాండ్, అంటే కస్టమర్లు చేతికిచ్చిన నగదు, అది వాడి జేబులోనే ఉంది, కంపెనీ దాన్ని పేఅవుట్‌లో సర్దింది అంతే. 150 బ్యాగ్, టీషర్ట్ వాయిదా. మిగతా 68 టీడీఎస్, సంపాదనలో 1 శాతం. కాబట్టి నిజంగా కోత అనాల్సింది 218 మాత్రమే, అందులోనూ 68 తిరిగి వచ్చే డబ్బు, ఏడాది ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 1 కాదు 20 శాతం పోతుంది, ఇది చాలామంది చూసుకోరు.

అనుమానించాల్సింది వేరే రకం లైన్లని: 'ఆర్డర్ పెనాల్టీ', 'అడ్జస్ట్‌మెంట్' అని ఉండి పక్కన ఆర్డర్ నంబర్ లేనివి. నంబర్ లేకపోతే తప్పని రుజువు చేయడానికి మీ చేతిలో ఏమీ ఉండదు, అందుకే మొదటి టికెట్‌లోనే 'ఇది ఏ ఆర్డర్‌ది' అని అడగండి, వేరే ఏమీ వద్దు. బేస్ పే, ఇన్సెంటివ్ రేట్లు కూడా టర్మ్స్‌లో ఉండవు, రేట్ కార్డ్‌లో ఉంటాయి, దాన్ని కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చని టర్మ్స్‌లో ఒక్క లైన్ ఉంటుంది. నేను రాసిచ్చే పేజీలో మొదట పెట్టేది ఆ లైనే.

అపోహ: నోటీస్ ఇవ్వకుండా ఐడీ తీసేయలేరు.

సాధారణంగా టర్మ్స్‌లో నోటీస్ క్లాజ్ ఉంటుంది, దాని కిందే మినహాయింపు కూడా ఉంటుంది: ఫ్రాడ్, కస్టమర్ ఫిర్యాదు, ఐడీ వేరేవాళ్లకి ఇవ్వడం లాంటివి జరిగాయని కంపెనీ 'తన విచక్షణ మేరకు' భావిస్తే వెంటనే ఆపేయొచ్చు. నోటీస్ క్లాజ్ చదివి నమ్మకం పెట్టుకునేవాళ్లు దాని కింద లైన్ చదవరు, దెబ్బ అక్కడే తగులుతుంది. కర్ణాటకలో 2025 చట్టం ప్రకారం తీసేయాలంటే కారణం రాసి 14 రోజుల ముందు చెప్పాలి, బెంగళూరులో చేసే మనవాళ్లు అది గుర్తుపెట్టుకోండి.

ఐడీ పోతే లాగిన్ కూడా పోతుంది, లాగిన్‌తో పాటు ఆర్డర్ హిస్టరీ, పేఅవుట్లు, టికెట్లు అన్నీ పోతాయి. మీ దగ్గర రుజువు ఉండాలంటే బ్లాక్ అవ్వకముందే ఉండాలి. వారానికోసారి పేఅవుట్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, టీమ్ లీడర్ ఫోన్‌లో ఏదైనా చెప్తే వెంటనే వాట్సాప్‌లో 'మీరు ఇలా అన్నారు కదా సర్' అని రాసిపెట్టండి.

అపోహ: టర్మ్స్‌లో ఆర్బిట్రేషన్, అంటే గొడవని కోర్టు బదులు మధ్యవర్తి తేల్చడం, అని ఉంది కాబట్టి ఇక చేయగలిగింది లేదు.

ముందు యాప్‌లో టికెట్, తర్వాత టర్మ్స్ చివర ఉండే గ్రీవెన్స్ మెయిల్‌కి రాతపూర్వకంగా, తేదీలు ఆర్డర్ నంబర్లతో. చాలా గొడవలు అక్కడే తేలతాయి, కోపంగా రాసినవి కాకుండా లెక్కలతో రాసినవి. ఆర్బిట్రేషన్ క్లాజ్‌లో రెండు చూడండి: ఏ ఊళ్లో, ఆర్బిట్రేటర్‌ని, అంటే ఆ మధ్యవర్తిని, ఎవరు వేస్తారు. కంపెనీ ఒక్కటే తనకి నచ్చినవాడిని వేసుకుంటానంటే చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరు దూరమైతే ఖర్చు భరించలేం, అది నిజమైన ఇబ్బందే. అలాంటప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి, ఆదాయ పరిమితిలోపు ఉంటే లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్లు తేదీల వరసలో ప్రింట్ తీసుకెళ్లండి.