అరటికాయ పచ్చదనం, చేతికి అంటుకునే నలుపు

అరటికాయను చేతిలోకి తీసుకోగానే మనం చూసేది పచ్చదనాన్ని. కాయ ఇంకా పండడం మొదలుపెట్టలేదని మాత్రమే ఆ రంగు చెబుతుంది. కాయ ముదిరిందా, లేతగా ఉందా అన్నది తెలియాలంటే ఆకారాన్ని చూడాలి. లేతకాయ సన్నగా, పొడవునా పదునైన అంచులతో పలకలు పలకలుగా ఉంటుంది. ముదిరేకొద్దీ లోపలి గుజ్జు నిండి ఆ అంచులు మొద్దుబారి, కాయ గుండ్రంగా తేలుతుంది. అందువల్ల ముదురు పచ్చగా ఉన్నంత మాత్రాన రెండు కాయలు ఒకే పనికి వస్తాయనుకోవడం పొరపాటు.

పచ్చికాయ గుజ్జు బరువులో దాదాపు ఐదో వంతు, కొన్ని రకాల్లో అంతకన్నా ఎక్కువ, పిండిపదార్థమే ఉంటుంది. కాయలో ఎథిలీన్ అనే వాయువు తయారవడం మొదలైతే ఎంజైములు ఆ పిండిని చక్కెరలుగా మారుస్తాయి, తొక్కలోని పత్రహరితం విరిగిపోయి పసుపు బయటపడుతుంది. ఈ రెండూ అచ్చంగా ఒకేసారి జరగవు. లోపల చక్కెర పుట్టడం మొదలైన తరువాత కూడా తొక్క కొంతకాలం పచ్చగానే కనబడుతుంది, కాకపోతే ఆ పచ్చదనం కాస్త లేతబడి ఉంటుంది.

కూరకు ఈ తేడా పెద్దగా అడ్డురాదు. కొంచెం తీపి తగిలినా పులుపూ కారమూ దాన్ని కప్పేస్తాయి. ముక్క త్వరగా మెత్తబడుతుంది కనుక ఉడికే సమయం తగ్గించుకుంటే చాలు. చిప్స్ దగ్గర మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఒకసారి నేను రెండు రోజులు అట్టేపెట్టిన, చూపుకు పచ్చగానే ఉన్న కాయలను తరిగి నూనెలో వేశాను. అంచులు గోధుమరంగుకు తిరిగిపోయాయి, నడుమ మాత్రం ఇంకా మెత్తగానే ఉంది. వేడి నూనెలో చక్కెరలు అమైనో ఆమ్లాలతో చర్య జరిపి, తేమ పూర్తిగా ఆవిరయ్యేలోపే ముక్కను మాడ్చేస్తాయి. మంట తగ్గిస్తే రంగు నిలుస్తుంది కానీ ముక్క నూనె పీల్చుకుంటుంది. అప్పటి నుంచి చిప్స్‌కు గుండ్రంగా ముదిరి, ముదురు పచ్చగా, నొక్కితే రాయిలా గట్టిగా ఉన్న కాయనే తీసుకుంటున్నాను. గోటితో తొక్కను కాస్త గీరి చూస్తాను. పాలలాంటి జిగురు వెంటనే ఊరితే కాయ పచ్చిది. పండే కాయలో ఆ పాలు తగ్గిపోతాయి. సందేహం మిగిలితే ముందుగా ఒక్క ముక్కను వేయించి చూడడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

అయితే చిప్స్‌కు మంచి కాయ చేతులకు చెడ్డది, ఎందుకంటే జిగురు ఎక్కువగా ఉండేది అందులోనే. ఈ ఇబ్బందిలో నిజానికి రెండు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి. మొదటిది బంక: తొక్కలోని సన్నని నాళాల్లో ఒత్తిడితో నిండి ఉండే పాలు, కోయగానే బయటికి చిమ్మి, ఆరి, నీటికి కరగని పొరగా అతుక్కుంటాయి. రెండోది నలుపు: ఆ పాలలోనూ గుజ్జులోనూ ఉన్న ఫినాల్ పదార్థాలను పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి, నల్లని రంగు పదార్థంగా మారుస్తుంది. బంకకు విరుగుడు నూనె, నలుపుకు విరుగుడు గాలి తగలకుండా చూడడం. ఈ రెంటినీ కలగలిపి ఒక్క నీటితోనే సరిపెట్టుకోవాలనుకుంటే పని సగమే అవుతుంది.

అందుకే కత్తికీ, రెండు అరచేతులకూ, గోళ్ళ చుట్టూ వంటనూనెను పలుచగా రాసుకుని మొదలుపెట్టాలి. చేతులు జారతాయి కనుక కాయను పలకపై ఆనించే కోయాలి. ఇనుపకత్తి వద్దు, కాయలోని టానిన్లు అనే ఫినాల్ పదార్థాలు ఇనుముతో కలిస్తే నీలినలుపు మరక ఇంకా గాఢమవుతుంది. రెండు కొసలనూ కోసి, కారే పాలను ఒక గుడ్డతో తుడిచేసి, అంచు వెంబడి తొక్క మందం మాత్రమే తెగేలా గాటు పెట్టాలి. తరువాత కాయను ఉప్పు వేసిన నీళ్ళ గిన్నెలో ముంచి, నీటి అడుగునే బొటనవేలిని గాటులోకి దూర్చి తొక్కను పక్కకు లాగితే పట్టీలుగా ఊడి వస్తుంది. పీలరుతో గీరితే పచ్చితొక్క పీచులుగా చీలి, నాళాలు మరిన్ని తెగి, బంక పెరుగుతుంది. ముక్కలను కూడా నీళ్ళలోనే ఉంచాలి. నీళ్ళలో కాస్త నిమ్మరసం పిండితే ఆ పులుపుకు ఎంజైము మందగిస్తుంది, అయితే చిప్స్ ముక్కలను ఎక్కువసేపు నానబెట్టకుండా, వేయించే ముందు గుడ్డపై పూర్తిగా ఆరనివ్వాలి.

కూరకైతే ఇంత శ్రమ అక్కర్లేదు. తొక్కతోనే రెండు మూడు ముక్కలు చేసి ఉడికిస్తే వేడికి ఎంజైము పనిచేయడం మానేస్తుంది, పాలు గడ్డకడతాయి, చల్లారాక తొక్క చేత్తో ఒలిచేయవచ్చు. వేపుడు ముక్కలు గట్టిగా కావాలంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు.

అప్పటికే బంక అంటుకుని ఉంటే ముందు సబ్బు వాడకూడదు. పొడి చేతులపై నూనె వేసి, బంక మెత్తబడి చిన్న ఉండలుగా రాలేదాకా రుద్ది, ఆ తరువాతనే సబ్బుతో కడగాలి. నలుపు చర్మంలోకి ఇంకితే నిమ్మచెక్కతో కొంత తగ్గుతుంది. మిగిలింది పైచర్మం రాలడంతో కొన్ని రోజుల్లో దానంతట అదే పోతుంది.